రేకుకి కూడా పన్నా ఉంటుంది

ఆ చీటీ చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ తరువాత తలుచుకున్నా మండుతూనే ఉంది.

సిగరెట్టు పెట్టె చింపి, లోపలి తెల్లటి వైపు పెన్సిలుతో రాశాడు మేస్త్రి. గోడకట్టుకి సిమెంటు ఏడు బస్తాలు. లోపలి పూతకి నాలుగు. బయటి పూతకి నాలుగు. గచ్చుకి మూడు. ముతక ఇసుక ఒక ట్రాక్టరు, సన్న ఇసుక ఒక ట్రాక్టరు. పదడుగుల సిమెంటు రేకులు ఏడు. అన్నీ నిండు అంకెలే. ఎక్కడా ఒక అర లేదు, పావు లేదు. భూమ్మీద ఏ పనైనా అలా నిండు అంకెల్లోనే తెములుతుందా? నేను ఇంట్లో పప్పు పోస్తే అది గిద్దెడున్నర అవుతుంది, సోలకి తక్కువ అవుతుంది. ఇతని గోడ మాత్రం సరిగ్గా ఏడు బస్తాలే తింటుందట.

మల్కాపురంలో మాది రెండు గదుల డాబా. మా ఆయన పోర్టులో కళాసీగా చేసిన రోజుల్లో కట్టుకున్నది. ఆయన పోయాక కొడుకు అదే పోర్టులో పనికి కుదిరాడు. వాడికి పెళ్ళయింది, కోడలు కుట్టుమిషనుతో వచ్చింది. ఆ మిషను వంటింటి గుమ్మం పక్కన తప్ప ఇంకెక్కడా పట్టలేదు. నేను పోపు వేస్తే ఆమె కుడుతున్న తెల్లగుడ్డ మీద పసుపు చిందేది. ఆమె మిషను తొక్కుతుంటే నేను గంజి వార్చడానికి పక్కకు ఒదిగి వెళ్ళేదాన్ని. అయిదేళ్ళు అలాగే గడిచాయి.

ఆ వేసవిలో దగ్గర్లోని ఒక బడివాళ్ళు ఆడపిల్లల యూనిఫారాలు కుట్టే పని మా కోడలికి ఇచ్చారు. తెల్ల చొక్కాలు, నీలం గౌన్లు. గుడ్డ వాళ్ళదే. బడి తెరిచే ముందు రోజుకి మొత్తం కుట్టి అప్పజెప్పాలి. చెప్పిన రోజుకి అందకపోతే మిగిలిన గుడ్డ వెనక్కి తీసుకుని పాత దర్జీకే ఇచ్చేస్తామన్నారు. అలా ఒకసారి వెనక్కి పోయిన పని మళ్ళీ మన గుమ్మం తొక్కదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. వంటింటి గుమ్మంలో కూర్చుని అన్ని చొక్కాలు కుట్టడం అయ్యే పని కాదు. అందుకే డాబా మీద ఒక రేకుల గది వేద్దామనుకున్నాం. పాత ప్రహరీ పడగొట్టిన ఇటుకలు ఉండనే ఉన్నాయి. రేకుల కింద వేసే ఇనప గొట్టాలు కొడుకు ఎక్కడో పాతవి చూసి తెచ్చాడు. ఇక కావలసినవి సిమెంటు, ఇసుక, రేకులు.

మేస్త్రిని పీటేసి కూర్చోబెట్టాను. చీటీ అతని ఎదురుగా నేల మీద పెట్టాను.

"గోడకట్టుకి ఏడెలాగొచ్చింది?"

"లెక్కేత్తే ఆరూ పావు వొత్తాదమ్మా."

"మరి ఏడని రాసినావేటి?"

"పావు బస్తా ఏ కొట్టోడిస్తాడమ్మా? ఏడు రాయాల్సిందే."

"లోపలి పూతకి?"

అతను తల గోక్కున్నాడు. "మూడు మీద కొంచెం."

"కొంచెమంటే? పావా, పరకా?"

పరక అనేసరికి మేస్త్రి నా ముఖంలోకి చూశాడు. నేను మూడో తరగతి దాకానే చదివాను. పద్మనాభం దగ్గరున్న మా పుట్టింటి ఊళ్ళో బడి అరుగు మీద కూర్చోబెట్టి పంతులు మాకు అర, పావు, పరక, వీసం వల్లె వేయించాడు. పావులో సగం పరక, పరకలో సగం వీసం. పెద్ద లెక్కలు నాకు రావు. కానీ ఆ ముక్కలు మాత్రం ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అప్పట్లో వడ్లు కొలవడానికి అవే మాకు ఆధారం.

"పరకే అనుకో," అన్నాడు చివరికి. బయటి పూతకి మూడుంపావు. గచ్చుకి రెండుంపావు. ఒక్కొక్కటి అతని నోట్లోంచి పన్ను పీకినట్టు పీకాను. ఇటుక పెళ్ళతో గచ్చు మీద గీశాను. ఆరూ మూడూ మూడూ రెండూ పధ్నాలుగు. పావులు మూడు కలిపితే ముప్పావు. మీద ఒక పరక.

"పధ్నాలుగూ ముప్పావూ పరక. పదిహేను బస్తాలు తెత్తే ఇంకా పరక మిగుల్తాది. నువ్వు పద్దెనిమిది రాసినావు. ఆ మూడు బస్తాలు ఎవుల ఇంటికెళ్తాయి?"

"అమ్మా, నాను దొంగనేటి?"

"దొంగవని నానెప్పుడన్నాను? ఎవులింటికని అడిగినాను, అంతే."

అతను దొంగ కాదు. ఆ మాట ఇక్కడ నిజాయితీగా రాయాలి. ఆ మూడు బస్తాలూ అతను ఎత్తుకుపోయేవాడు కాదు, మా పెరట్లోనే వదిలేసి వెళ్ళేవాడు. నాకు మండింది అందుకే. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో విప్పిన సిమెంటు బస్తా నెల తిరిగేసరికి బండ అవుతుంది. ఇల్లు కట్టిన రోజుల్లో ఇతనే రెండు బస్తాలు ఎక్కువ తెప్పించాడు. అందులో ఒకటి నేటికీ మా కుళాయి దగ్గర ఉంది. నేను దాని మీద బట్టలు ఉతుకుతాను. గోనె ఎప్పుడో చివికిపోయింది, బస్తా మూతి కుట్టు ఆనవాలు మాత్రం ఆ రాయి మీద అచ్చు పడి ఉంది. చేతిలో బట్ట పట్టుకుని దాని ముందు కూర్చున్నప్పుడల్లా ఇతనే గుర్తుకొచ్చేవాడు.

"ఒక్కో పనికీ ఒక్కో చిల్లర వొత్తే, నాలుగు చిల్లరలూ కలిపి చూసి, ఆఖర్ని ఒక్కసారే బస్తా చెయ్యాల గానీ, ప్రతి పనికీ బస్తా చేసుకుంటూ పోతావేటి?" అన్నాను. "గోడకి మిగిలిన సిమెంటు పూతకి పనికిరాదా? దానికేమైనా వేరే కులమా?"

మేస్త్రి చీటీని చేతిలోకి తీసుకున్నాడు. తరవాత చెప్పింది విని నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

"సిల్లర రాయకూడదమ్మా. మా గురువు నా సేతికి తాపీ ఇచ్చిన రోజునే సెప్పినాడు. కట్టుబడి చీటీలో అరా పావూ రాత్తే ఆ పని అరకొరగా ఆగిపోతాదంట. నిండంకే రాయాల. ముప్పై ఏళ్ళు అలాగే రాత్తన్నాను."

ముప్పై ఏళ్ళు. ఎన్ని పెరళ్ళలో ఎన్ని బట్టలుతికే రాళ్ళు పెట్టి ఉంటాడో ఈ మనిషి.

ఇసుక దగ్గర కూడా అదే వరస. గోడకీ గచ్చుకీ ముతక ఇసుక అర ట్రాక్టరు కావాలి, కాబట్టి ఒకటి. పూతకి సన్న ఇసుక పావు మీద పరక కావాలి, కాబట్టి ఇంకొకటి. ముతక ఇసుకనే జల్లెడ పడితే సన్నది కిందికి దిగదా, పైన మిగిలినది గచ్చుకి పోదా అని అడిగాను. దిగుతుంది, పోతుంది అన్నాడు. మరైతే రెండూ కలిసి ముప్పావూ పరక, ఒక ట్రాక్టరులో ఇంకా పరక మిగులుతుంది కదా అన్నాను. జల్లెడ పట్టడానికి మనిషి కావాలన్నాడు.

ఆ మనిషి అక్కడే ఉంది. ఇసుక మోయడానికి పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చే ఆడకూలీ. మెట్ల మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటూ ఇదంతా వింటోంది.

"నాను జల్లెడ పడతాను గానీ, మేస్త్రీ, రెండో ట్రాక్టరు ఎక్కేది మేడ మీదికి కాదు, నా నెత్తి మీదికి," అంది. "నీ గురువు ఇసక మోసినాడేటి ఎప్పుడైనా?"

మేస్త్రి కూడా నవ్వేశాడు. ఒక ట్రాక్టరే వచ్చింది. సిమెంటు పదిహేను బస్తాలే వచ్చాయి. కావాలంటే వీధి చివర కొట్లో ఒక బస్తా ఎప్పుడైనా దొరుకుతుంది, రిక్షాలో పడేసుకుని తెచ్చుకోవచ్చు అన్నాను. ఆ అవసరం పడలేదు. పని అయ్యాక చూస్తే ఇసుక మోసే ఇనప గమేళా నిండా సిమెంటు మిగిలింది. విరిగిన మెట్టు ఒకటుంటే ఆడకూలీ దానితో అతికేసింది. ఎక్కడా ఇంకో రాయి తయారు కాలేదు.

ఇక్కడిదాకా నాదే పైచెయ్యి. అదే నా కొంప ముంచింది.

మళ్ళీ ఆ మొదటి రోజు మాటకే వస్తాను. సిమెంటు తేలింది, ఇసుక తేలింది, నేను రేకుల మీద పడ్డాను. అప్పటికి ఈ మేస్త్రి రాసే ఏ అంకె అయినా తప్పే అన్న నమ్మకం నాలో గడ్డకట్టేసింది.

"ఏడు రేకులేటి?"

"ఆరు తప్పదమ్మా. ఏడోది ఇరిగితే ఉంటాదని."

"ఇరక్కుండా మోయించు. ఆరు ఎందుకు తప్పదు?"

నేను లెక్క వేశాను. గది పైకప్పు పొడుగు పద్దెనిమిది అడుగులు. వాలు తొమ్మిదిన్నర. పద్దెనిమిది తొమ్మిదిన్నరలు నూట డెబ్భై ఒకటి. రేకు పదడుగుల పొడుగు, మూడున్నర వెడల్పు, అంటే ముప్పై అయిదు. అయిదు రేకులు వేస్తే నూట డెబ్భై అయిదు. నాలుగూ ముప్పావూ పరకకి కొంచెం ఎక్కువ కావాలి, నేను నిండుగా అయిదు ఇస్తున్నాను. ఇంకా నాలుగు చదరపు అడుగులు మిగులుతున్నాయి కూడా.

"అయిదు," అన్నాను.

"సాలవమ్మా."

"ఎందుకు సాలవు? సెప్పు."

ఇక్కడ ఆ మనిషి నోరు విప్పి ఉంటే ఈ కథే లేదు. ఒక రేకు అంచు మీద ఇంకో రేకు అంచు ఎక్కాలి, అలా ఎక్కినప్పుడల్లా రెండేసి అంగుళాలు పోతాయి అని చెప్పవచ్చు. పదడుగుల రేకులో అర అడుగు కిందికి వేలాడుతుంది, ఆ అర అడుగుని కోసి పక్కన అతికించలేం అని చెప్పవచ్చు. సిమెంటు బస్తాలో మిగిలిన పరక ఇంకో గోడకి వెళ్ళి కలుస్తుంది, రేకులో మిగిలిన ముక్క వెళ్ళి ఎక్కడా కలవదు అని ఒక్క ముక్క చెప్పవచ్చు. రోజూ చేసే పని. చేతులకి తెలుసు. నోటికి రాలేదు.

ఆ నోట వచ్చింది మళ్ళీ అదే మాట. "సిల్లర రాయకూడదమ్మా."

ఇక నేను ఆగుతానా?

గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. మెడలో టేపు వేలాడుతోంది. చేతిలో గౌను పట్టీ ఉంది. "అత్తా," అంది మెల్లగా, "రేకు పన్నా ఎంతంట?"

పన్నా అంటే గుడ్డ వెడల్పు. ఆమెకి గుడ్డే లోకం కదా అనుకున్నాను.

"ఒలే, ఇది జాకెట్టు గుడ్డ కాదు. నువ్వెళ్ళి నీ గౌన్లు చూసుకో," అన్నాను.

ఆమె పట్టీ మడుచుకుని వెళ్ళిపోయింది. మేస్త్రి ముందు అన్నాను ఆ మాట. ఆడకూలీ ముందు అన్నాను. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంత దాకా గెలిచిన మనిషిని ఎవరంటారు?

గోడలు లేచాయి, పూత అయింది. కొడుకు గాజువాక వెళ్ళి అయిదు రేకులు తెచ్చాడు. కొట్టువాడు "అయిదేనా?" అని రెండుసార్లు అడిగాడట. "మా అమ్మ లెక్క," అన్నాడట వీడు. ఆ మాట గొప్పగా అన్నాడో, భయంతో అన్నాడో నేను అడగలేదు.

రేకులు ఎక్కించిన పొద్దు నేను కింద నిలబడి చూస్తున్నాను. మేస్త్రి పడమటి గోడ నుంచి మొదలుపెట్టాడు. ఒకటి పరిచాడు. దాని అంచు మీద రెండోది ఎక్కించాడు. మూడోది ఎక్కించాడు. మూడో రేకు దగ్గరే నేను వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టాను. అయిదోది పడ్డాక తూర్పు గోడకీ రేకుకీ మధ్య ఆకాశం కనిపించింది. పొడుగునా, పై నుంచి కింద దాకా, మూరకి నాలుగంగుళాలు తక్కువ. నా అరచేతి కింద దాచుకునేంత సందు కాదు. పిల్లి కాదు, మేక దూరేంత.

మేస్త్రి గోడ మీద కూర్చుని కిందికి చూశాడు. చేతిలోని కొక్కేలు సంచీలో వేసుకున్నాడు. ఒక తిట్టు తిట్టినా బాగుండేది.

కొడుకు మళ్ళీ గాజువాక పరుగెత్తాడు. పదడుగుల రేకులు అయిపోయాయి, లోడు వచ్చే వారం వస్తుందన్నాడు కొట్టువాడు. ఇంకో రెండు కొట్లలోనూ అదే మాట. ఉన్నవి ఆరడుగులవి. మేస్త్రి వేరే ఇంట్లో పని ఒప్పుకున్నాడు, నాలుగు రోజుల్లో వచ్చి సందు మూస్తానన్నాడు. బడి తెరవడానికి ఎనిమిది రోజులుంది.

అప్పటికైనా నేను తగ్గి ఉండవలసింది. తగ్గలేదు. "సందు తూర్పు వైపు కదా, మిషను పడమటి వైపు పెట్టుకుని కుట్టుకో," అన్నాను. కోడలు గుడ్డల మూటల వైపు చూసింది, రేకుల సందు వైపు చూసింది. "వాన గానీ వొత్తే అత్తా?" అంది. "వొచ్చినప్పుడు సూద్దాం," అన్నాను. కొడుకు మిషను పైకి మోశాడు. ఆమె గుడ్డలన్నీ బల్ల మీద పెట్టుకుంది. కత్తిరించిన చిన్న ముక్కలు మాత్రం బల్ల మీద చాలక, చాప మీద వరసలుగా పేర్చుకుంది. చొక్కాల కాలర్లు, గౌన్ల పట్టీలు, జేబులు.

మూడో రోజు మధ్యాహ్నం అన్నాలు తినడానికి ఆమె కిందికి దిగింది. సముద్రం మీద నుంచి గాలి తిరిగింది. మా ఇంటికి అది తూర్పు. గాలీ వానా కలిసి ఆ సందులోంచి లోపలికి కొట్టాయి. ముద్ద చేతిలో ఉండగానే ఆమె పైకి పరుగెత్తింది. నేను మోకాళ్ళు పట్టుకుని వెనకే ఎక్కాను.

బల్ల మీది గుడ్డకి ఏమీ కాలేదు. మిషనుకి ఏమీ కాలేదు. కానీ గచ్చు కొత్తది. దాని మీద ఇంకా తుడవని సిమెంటు దుమ్ము ఉంది. వాన నీళ్ళు ఆ దుమ్ముని కలుపుకుని బూడిద రంగు చారులా చాప కిందికి పాకాయి, చాప మీదికి ఎక్కాయి. నీలం ముక్కల మీద మరక ఆనలేదు. తెల్ల కాలర్లు నలభై. ఒక్కటి మిగల్లేదు.

ఆమె వాటిని ఏరి బకెట్లో వేసి ఉతికింది. సబ్బు పెట్టింది, నిమ్మకాయ రుద్దింది. ఆ మరక పోయేది కాదు. బడివాళ్ళు గుడ్డ కొలిచి ఇచ్చారు. అటువంటి గుడ్డే ఇంకో కొట్లో దొరకవచ్చు, కానీ తెలుపులో కూడా పది తెలుపులు ఉంటాయి. చొక్కా ఒక తెలుపు, కాలరు ఇంకో తెలుపు అయితే చూడగానే పట్టేస్తారు.

నేను మెట్ల మీద కూర్చున్నాను. ఏడవలేదు. నాకు కోపం వస్తే ఏడుపు రాదు. మేస్త్రిని తిట్టాను, కొట్టువాడిని తిట్టాను, వానని తిట్టాను. తిట్టడానికి ఎవరూ మిగలని దాకా తిట్టాను.

కోడలు కిందికి వెళ్ళి తన పెట్టె అడుగు నుంచి ఒక పిండిసంచీ తెచ్చింది. అందులో ఆ బడి గుడ్డే, ముక్కలు ముక్కలుగా. ప్రతి పది చొక్కాలకీ ఆమె లెక్కకి సరిపడా కత్తిరించి, మిగిలిన అంచుల్ని పారేయకుండా దాచేది. చొక్కాకి ఇంత పడుతుందనుకుంటే, రెండు వేళ్ళ గుడ్డ ఆదా అయ్యేలా సర్ది కత్తిరించేది. ఎన్నిసార్లు తిట్టానో నేను. "చీరలో సగం చింపి దాచుకునే రకం నువ్వు," అని. ఆ సంచీ చూసినప్పుడల్లా అనేదాన్ని.

ముక్కలు పరిచి చూసుకుంది. కాలరు పొడుగ్గా, సన్నగా ఉంటుంది. పొడుగు సరిపోతే వెడల్పు చాలదు, వెడల్పు ఉంటే పొడుగు చాలదు. రెండు ముక్కలు కలిపితే విస్తీర్ణం సరిపోయినా కాలరు రాదు. అప్పుడు నేను ఆమె చేతుల వైపు చూశాను. రేకు కూడా అంతే అన్న మాట ఆమె నాతో అనలేదు. అనకుండానే నాకు అర్థమయింది, అర్థమై ఒళ్ళు మరింత మండింది.

"ఎన్నొత్తాయే?" అన్నాను.

"పై కాలర్లు నలభై వొచ్చేత్తాయత్తా. కిందివి ఇరవయ్యే. మిగతా ఇరవై కింది కాలర్లకీ మధ్యలో అతుకేత్తాను. మడత లోపలికెళ్తాది, కనబడదు."

"కనబడితే?"

"కనబడదు," అంది. ఆమె గొంతు అంత గట్టిగా పలకడం నేను అంతకు ముందు వినలేదు.

ఆ నాలుగైదు రోజులూ వంట నేను ఒక్కదాన్నే చేశాను. మధ్యాహ్నాలు పైకెక్కి కూర్చుని గుండీలు కుట్టాను. కాజాలు ఆమే కుట్టింది, నా కాజాలు సూటిగా రావని. కొడుకు డ్యూటీ దిగి వచ్చి ఇస్త్రీ చేశాడు.

మేస్త్రి అన్న ప్రకారం నాలుగో రోజే వచ్చాడు. ఆరడుగుల రేకులు రెండు తెచ్చాం. కింద ఒకటి పరిచి, దాని మీద పై రేకుని రెండున్నర అడుగులు ఎక్కించాడు. నడిమి గొట్టం సరిగ్గా ఆ రెండూ కలిసే చోట వచ్చింది కాబట్టి కొక్కేలు పట్టాయి. గోడ అవతలికి మిగిలిన వెడల్పుని కోసేశాడు. మూరెడు కన్నా తక్కువ సందుకి రెండు నిండు రేకులు.

పని అయ్యాక కిందికి దిగి చేతులు కడుక్కుంటూ, నేను బట్టలుతికే ఆ రాయి మీద కాలు పెట్టి నిలబడ్డాడు.

"అయిదూ రెండూ ఏడమ్మా," అన్నాడు. "నాను రాసింది ఏడే."

ఈ మాట ఒక్కటీ లేకపోతే నేను ఊరుకునేదాన్నేమో.

"ఏడు నువ్వెందుకు రాసినావు?" అన్నాను. "ఆరు కావాల, ఒకటి ఇరిగితే ఉంటాదని రాసినావు. ఆరెందుకు కావాలో నీకు తెలుసు. నన్నడిగినప్పుడు సెప్పినావా?"

"సెప్పినానమ్మా. ఆరు తప్పదన్నాను."

"పద్దెనిమిది బస్తాలు కూడా తప్పవన్నావు. రెండు ట్రాక్టర్లు తప్పవన్నావు. తప్పేదీ తప్పనిదీ ఒక్క నోటితోనే, ఒక్క మాటతోనే సెప్తే నానేది నమ్మాల? సిల్లర రాయకూడదన్నావు. మీ గురువు ఆ మాట రేకుల గురించి సెప్పుంటాడు. రేకుకి అది నిజం. నువ్వు దాన్నే సిమెంటుకి పూసినావు, ఇసక్కి పూసినావు. మూడూ ఒకటేనా?"

మేస్త్రి కాలు రాయి మీద నుంచి తీశాడు. "మా గురువు దేని గురించి సెప్పినాడో నాకు గుర్తు లేదమ్మా," అన్నాడు. అదొక్కటే అతను ఆ పని మొత్తంలో నాకు చెప్పిన చక్కటి మాట.

ఆడకూలీ పక్కన ముఖం కడుక్కుంటోంది. "మరి నీ కోడలు పన్నా అడిగినాది కదమ్మా ఆ రోజు," అంది, నీళ్ళు ఊసి. "అది మాత్రం ఏ గురువు సెప్పినాడు?"

నువ్వు బస్సు అందుకో, పొద్దు పోతోంది అన్నాను.

బడి తెరిచే ముందు రోజు పొద్దున్నే చొక్కాలు, గౌన్లు రెండు రిక్షాల్లో వెళ్ళాయి. కోడలు కూడా వెళ్ళింది. బడి పెద్ద పంతులమ్మ ఒక చొక్కా తీసి, కాలరు ఎత్తి, కిందికి తిప్పి చూసిందట. అతుకు చూసిందట. "ఎందుకిలా?" అని అడిగిందట. ఈమె ఉన్నది ఉన్నట్టు చెప్పిందట, వాన అని, రేకు చాలలేదని. రేకు ఎవరి లెక్కో మాత్రం చెప్పలేదట. పంతులమ్మ చొక్కా మడిచి దొంతరలో పెట్టేసిందట. మరుసటి ఏడాది గుడ్డ మళ్ళీ మా ఇంటికే వచ్చింది.

ఆ తరవాత మా వీధిలో ఎవరు గోడ లేపినా, అరుగు వేసినా, చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. మేస్త్రి లెక్కల్ని పదిహేను బస్తాలకి దింపిన ముసలమ్మగా నాకు పేరు వచ్చింది. అయిదు రేకుల సంగతి ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. మనుషుల జ్ఞాపకం మీద కూడా నాకు కోపమే. నేను చీటీ చదివి, సిమెంటూ ఇసుకా రంగుడబ్బాలూ ఒక వైపుకి తీస్తాను. వాటి పావులూ పరకలూ కలుపుతాను, ఆఖరికి ఒక్కసారే నిండు చేస్తాను. రేకులు, పలకలు, తలుపు చెక్కలు ఇంకో వైపు ఉంచుతాను. అవి నేను ముట్టుకోను.

మొన్నీమధ్య పక్కింటివాళ్ళు స్నానాలగదికి పలకలు వేయించుకుంటూ అలాగే చీటీ తెచ్చారు. వాళ్ళ మేస్త్రి కొత్తవాడు. గోడకి పలకలు ఎన్ని పెట్టెలు పడతాయని అడిగితే గబగబా పొడుగునీ వెడల్పునీ హెచ్చవేసేశాడు. నేను చీటీ పక్కన పెట్టి, మేడ మీద మిషను చప్పుడు ఆగేదాకా ఆగి, మెట్ల కింద నుంచి పిలిచాను.

"ఒలే, టేపు తీసుకుని ఒకసారి దిగు."

"ఏటి కొలవాలత్తా?" అంది పై నుంచి.

"పన్నా," అన్నాను.

పైన కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడయింది. తరవాత ఆమె నవ్వు వినిపించింది. నేను నవ్వలేదు. ఆ కొత్త మేస్త్రి వైపు తిరిగి, ఆమె దిగి వచ్చే దాకా పెన్సిలు కింద పెట్టమన్నాను.